రెండు సహీహ్ హదీసులు ఎదురుపడితే ఏది తీసుకోవాలి? హజ్రత్ మైమూనా (ర) నికాహ్ ఉదాహరణగా తర్జీహ్ పద్ధతి

హదీసు గ్రంథాలు చదివేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ టెన్షన్ తప్పదు. ఒక హదీసు సహీహ్, అంటే నమ్మదగిన పరంపరతో వచ్చింది, ఇంకొకటీ సహీహ్. ఒకటి ఔనంటుంది, ఇంకొకటి కాదంటుంది. ఇలాంటప్పుడు ఫిఖ్హ్, అంటే ధర్మశాస్త్ర పండితులు ఒకదాన్ని ముందుకు తెచ్చి రెండోదాన్ని వెనక్కి పెట్టడాన్ని తర్జీహ్ అంటారు. తర్జీహ్ నియమాల జాబితాలు చాలానే ఉన్నాయి. హిజ్రీ ఆరో శతాబ్దపు పండితుడు హాజిమీ 50 కారణాలు రాశారు. ఆయన గ్రంథాన్ని మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ అచ్చు వేసింది. తర్వాత వచ్చిన ఇరాకీ ఆ సంఖ్యను వంద దాటించారు.

ఆ జాబితా బట్టీ పడితే తర్జీహ్ రాదు. ప్రతి నియమం వెనకా ఒక కారణం ఉంటుంది. మీ ముందున్న కేసులో ఆ కారణం నిజంగా ఉందా లేదా చూడడమే అసలు పని. దాన్ని ఒకే ఉదాహరణ మీద మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. మీరు మదరసా విద్యార్థి అయినా, సొంతంగా చదువుకుంటున్నవారైనా పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని చదవండి.

ముందు కేసు తెలుసుకోండి

హిజ్రీ 7వ సంవత్సరం, అంటే క్రీ.శ. 629. ప్రవక్త ముహమ్మద్ (స) ఉమ్రా కోసం మదీనా నుంచి మక్కాకు వచ్చారు. ఆ ప్రయాణ కాలంలోనే హజ్రత్ మైమూనా బింతె హారిస్ (ర)తో ఆయన నికాహ్ జరిగింది. ఆ సమయంలో ఆయన ఇహ్రాంలో, అంటే హజ్, ఉమ్రాల కోసం కట్టుకునే పవిత్ర స్థితిలో ఉన్నారా, లేదా? ఇదే ప్రశ్న.

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) చెప్పింది బుఖారీ, ముస్లిం రెంటిలోనూ ఉంది: ప్రవక్త (స) మైమూనాను పెళ్లాడినప్పుడు ముహ్రిమ్, అంటే ఇహ్రాంలో ఉన్నారు.

ముస్లింలోనే యజీద్ బిన్ అసమ్ ద్వారా స్వయంగా మైమూనా (ర) మాట ఉంది: తనను పెళ్లాడినప్పుడు ఆయన హలాల్, అంటే ఇహ్రాంలో లేరు. ఆమె నాకూ పిన్నే, ఇబ్నె అబ్బాస్‌కూ పిన్నే అని యజీద్ అదే చోట చెప్పారు.

ఈ రెంటికీ పైన మూడోది, హజ్రత్ ఉస్మాన్ (ర) ద్వారా ముస్లింలో వచ్చిన ప్రవక్త (స) ఆదేశం: ఇహ్రాంలో ఉన్నవాడు పెళ్లి చేసుకోకూడదు, పెళ్లి చేయించకూడదు, సంబంధం అడగకూడదు.

దీని మీద ఆధారపడిన తీర్పు చిన్నదేం కాదు. ఇహ్రాంలో చేసుకున్న నికాహ్ చెల్లదని మాలికీ, షాఫియీ, హంబలీ మద్‌హబ్‌లు అంటాయి. హనఫీలు చెల్లుతుందంటారు, సంసారం మాత్రం ఇహ్రాం విడిచేదాకా నిషిద్ధం. తెలుగు నేల మీద ముస్లింలలో ఎక్కువమంది హనఫీలే, కానీ హైదరాబాద్ బార్కస్‌లోని హద్రమీ అరబ్ కుటుంబాలు షాఫియీ పద్ధతి పాటిస్తాయి. అంటే ఈ రెండు తీర్పులూ ఒకే ఊళ్లో పక్కపక్కనే బతుకుతున్నాయి.

మొదటి అడుగు: అది నిజంగా వైరుధ్యమేనా?

తర్జీహ్ మొదటి మందు కాదు. ముందు చూడాల్సింది రెండు మాటలూ ఒకే విషయం గురించి, ఒకే సమయం గురించి మాట్లాడుతున్నాయా అని. మన కేసులో ఇక్కడే ఒక తేడా బయటపడుతుంది, దాన్ని నోట్‌బుక్‌లో విడివిడిగా రాసుకోండి.

ఇబ్నె అబ్బాస్ మాట, మైమూనా మాట ఒకే సంఘటన గురించి. ఇద్దరూ చెప్పేది ఒకే నికాహ్. కాబట్టి రెంటిలో ఒకటే జరిగి ఉండాలి. ఉస్మాన్ హదీసు మాత్రం సంఘటన కాదు, ఆదేశం. ఇబ్నె అబ్బాస్ మాటకూ ఉస్మాన్ మాటకూ మధ్య ఉన్నది ఒక పనికీ ఒక ఆదేశానికీ మధ్య ఉన్న తేడా. ఈ రెండు జతలనూ కలిపేసి ఒకటే గొడవలా చూసినవాళ్లు తర్వాతి ప్రతి అడుగులోనూ తడబడతారు.

ఆ తర్వాత రెండు హదీసుల అన్ని రూపాలూ సేకరించండి. ఒక్కో గ్రంథంలో ఒక్కో వాక్యం అదనంగా ఉంటుంది. చాలాసార్లు ఆ అదనపు వాక్యమే కేసు తేల్చేస్తుంది. అది ఎలాగో కింద వస్తుంది.

రెండో అడుగు: రెండింటినీ నిలబెట్టే దారి వెతకండి

దీన్ని జమా అంటారు. రెండు హదీసులకూ పని దొరికితే ఒకదాన్ని పక్కన పెట్టాల్సిన అవసరమే ఉండదు. ఇబ్నె ఖుజైమా అనే పండితుడు, ప్రవక్త (స) నుంచి సహీహ్‌గా వచ్చిన రెండు హదీసులు నిజంగా కొట్టుకోవడం నాకు తెలియదు, ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి, కలిపి చూపిస్తాను అన్నారు. అయితే అడుగుల వరస మీద ఒక భేదం ఉందని గుర్తుంచుకోండి. ఎక్కువమంది పండితులు జమా తర్వాతే తర్జీహ్‌కు వెళ్తారు. హనఫీ ఉసూల్, అంటే ఫిఖ్హ్ మూల సూత్రాల గ్రంథాలు చాలావరకు నస్ఖ్, తర్జీహ్, ఆ తర్వాత జమా అనే వరస చెబుతాయి. మీరు ఏ మద్‌హబ్ పుస్తకం చదువుతున్నారో చూసుకుని ఆ వరస పాటించండి. సగం అక్కడ, సగం ఇక్కడ తీసుకోవద్దు.

మన కేసులో జమా కోసం రెండు ప్రయత్నాలు జరిగాయి.

మొదటిది: అరబ్బీలో ముహ్రిమ్ అనే మాటకు హరం ప్రాంతంలో ఉన్నవాడు, పవిత్ర మాసంలో ఉన్నవాడు అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఖలీఫా ఉస్మాన్ (ర)ను ముహ్రిమ్‌గా ఉండగా చంపారని ఒక పాత అరబ్బీ పద్యంలో ఉంది. ఆయన హత్య జరిగింది మదీనాలో, ఆయన ఇహ్రాంలో లేరు. కాబట్టి ఇబ్నె అబ్బాస్ చెప్పింది పవిత్ర స్థలంలోనో పవిత్ర మాసంలోనో ఉన్నారనే అర్థంలో కావచ్చు అన్నారు. ఇబ్నె హిబ్బాన్ ఈ దారి పట్టారు.

ఇది వినడానికి బాగుంటుంది. కానీ ఇప్పుడు మీరు సేకరించిన రూపాలు తెరవండి. బుఖారీలో ఇబ్నె అబ్బాస్ మాటే ఇంకొంచెం పొడవుగా వచ్చింది: ముహ్రిమ్‌గా ఉండగా పెళ్లాడారు, హలాల్‌గా ఉండగా ఆమెతో కాపురం మొదలుపెట్టారు, ఆమె మక్కా దగ్గరి సరిఫ్‌లో మరణించారు. ఇక్కడ ముహ్రిమ్‌కు ఎదురుగా హలాల్ నిలబడింది. హలాల్ అంటే ఇహ్రాం విడిచినవాడు. అప్పుడు దానికి ఎదురుగా ఉన్న ముహ్రిమ్ ఇహ్రాంలో ఉన్నవాడే అవుతాడు. హనఫీలు ఎత్తిచూపేది ఇదే, నాకు ఇది బలమైన జవాబుగానే కనిపిస్తుంది. జమా చేసేటప్పుడు ఈ పరీక్ష తప్పక పెట్టండి: మీరు ఇస్తున్న అర్థం అదే హదీసు మిగతా రూపాల్లో పెడితే నిలుస్తుందా? నిలవకపోతే అది బలవంతపు జమా.

రెండోది: ఇహ్రాంలో పెళ్లి ప్రవక్త (స)కు మాత్రమే ప్రత్యేకం అనడం. ఇది ఇబ్నె అబ్బాస్ మాటకూ ఉస్మాన్ మాటకూ మధ్య గొడవ తీరుస్తుంది. మైమూనా మాటతో ఉన్న గొడవను ఏమాత్రం తాకదు. పైన రెండు జతలు విడిగా రాసుకోమన్నది ఇందుకే.

మూడో అడుగు: ముందు ఏది, తర్వాత ఏది?

తేదీలు తెలిస్తే తర్వాతి ఆదేశం ముందుదాన్ని రద్దు చేసిందేమో చూడాలి. దీన్ని నస్ఖ్ అంటారు. మన కేసులో ఈ అడుగు త్వరగా ముగుస్తుంది. మైమూనా, ఇబ్నె అబ్బాస్ ఇద్దరూ చెప్పేది ఒకే సంఘటన. జరిగిన సంఘటనను ఇంకో కథనం రద్దు చేయలేదు, అందులో ఒకటి పొరపాటు కావచ్చు అంతే. ఉస్మాన్ హదీసుకు తేదీ తెలియదు. తేదీ లేకుండా, నాకు నచ్చనిది రద్దయిపోయింది అనడం ఈ శాస్త్రంలో చాలా మామూలుగా జరిగే తప్పు.

నాలుగో అడుగు: తర్జీహ్

ఇప్పుడు ఒక పేజీని నిలువుగా రెండుగా గీయండి. ఎడమ వైపు ముహ్రిమ్, కుడి వైపు హలాల్. ప్రతి నియమాన్నీ దాని కారణంతో సహా రాయండి.

*సంఘటన ఎవరికి జరిగిందో వాళ్ల మాట.* కారణం సులువు: తన పెళ్లి ఎప్పుడు జరిగిందో పెళ్లికూతురి కంటే బాగా ఎవరికి తెలుస్తుంది? ఈ నియమం తర్వాతి పండితులు కల్పించింది కాదు, ప్రవక్త (స) అనుచరులైన సహాబాలే వాడారు. జనాబత్, అంటే స్నానం తప్పనిసరి అయిన స్థితిలో తెల్లవారితే ఉపవాసం చెల్లదని హజ్రత్ అబూ హురైరా (ర) చెబుతుండేవారు. ప్రవక్త (స) అలా తెల్లవారినా ఉపవాసం ఉండేవారని హజ్రత్ ఆయిషా, ఉమ్మె సలమా (ర) చెప్పినట్టు తెలియగానే, వాళ్లకే బాగా తెలుసు అని ఆయన తన మాట వెనక్కి తీసుకున్నారు. ఇంటి లోపలి విషయం ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. మన కేసులో ఈ కారణం పూర్తిగా ఉంది. కుడి వైపు రాయండి.

*పనిలో స్వయంగా పాల్గొన్నవాడి మాట.* తిర్మిజీలో హజ్రత్ అబూ రాఫె (ర) మాట ఉంది: పెళ్లి సమయంలోనూ కాపురం మొదలుపెట్టినప్పుడూ ఆయన హలాల్, వాళ్లిద్దరి మధ్య కబురు మోసింది నేనే. కుడి వైపుకు ఇది గట్టి సాక్ష్యంలా కనిపిస్తుంది. కానీ సనద్, అంటే ఎవరి నుంచి ఎవరు చెప్పారనే వరస చూడండి. తిర్మిజీ దీన్ని హసన్ అన్నారు, అంటే సహీహ్ కంటే ఒక మెట్టు కింద. పైగా అబూ రాఫె దాకా సనద్‌ను కలిపి చెప్పింది మతర్ వర్రాక్ నుంచి హమ్మాద్ బిన్ జైద్ అనే రావీ, అంటే హదీసు చేరవేసినవాడు, ఒక్కడే అని కూడా ఆయనే రాశారు. ఇమాం మాలిక్ దగ్గర ఇదే విషయం సులైమాన్ బిన్ యసార్ దగ్గరే ఆగిపోయింది, సహాబీ పేరు లేదు. కాబట్టి కుడి వైపు రాయండి, కానీ పక్కన తోడ్పాటు మాత్రమే అని గుర్తు పెట్టండి. రెండు సహీహ్‌ల మధ్య తీర్పు చెప్పే అసలు బరువు దీని మీద వేయకూడదు.

*విన్నప్పుడో చూసినప్పుడో పెద్దవాడై ఉండడం.* ఇబ్నె అబ్బాస్ హిజ్రత్‌కు సుమారు మూడేళ్ల ముందు పుట్టారు. ఈ పెళ్లి నాటికి ఆయనకు పదేళ్లు. తర్వాత ఆయన గొప్ప పండితుడయ్యారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ పాండిత్యం పదేళ్ల వయసులో కంటితో చూసినదానికి వెనక్కి వెళ్లి బలం ఇవ్వదు. ప్రవక్త (స) ఇహ్రాంలో మక్కాకు రావడం, పెళ్లి విషయం అప్పుడే బయటికి తెలియడం వల్ల అలా అనుకుని ఉండవచ్చు అని కుడి వైపు పండితులు అంటారు. సహాబాల తర్వాతి తరమైన తాబిఈలలో పెద్దవారైన సయీద్ బిన్ ముసయ్యిబ్, ఇక్కడ ఇబ్నె అబ్బాస్ పొరబడ్డారని సూటిగానే అన్నారు, అబూ దావూద్ గ్రంథంలో ఉంది.

*ఫిఖ్హ్ తెలిసిన రావీ.* ఎడమ వైపుకు ఇదే పెద్ద ఆధారం. మాటలోని సూక్ష్మం పట్టుకోగలిగినవాడు దాన్ని చెడగొట్టకుండా చెబుతాడన్నది కారణం. ఇబ్నె అబ్బాస్ ఫకీహ్, ఆయన నుంచి చెప్పినవాళ్లు సయీద్ బిన్ జుబైర్, అతా, తావూస్, ముజాహిద్, ఇక్రిమా, అందరూ ఫకీహ్‌లే. అవతల యజీద్ బిన్ అసమ్ ఆ స్థాయి మనిషి కాదు అని హనఫీలు అంటారు. ఈ వాదం తాబిఈల కాలంలోనే ఉంది. అమ్ర్ బిన్ దీనార్ ఇబ్నె అబ్బాస్ మాట చెబితే, జుహ్రీ వెంటనే యజీద్ మాట ఎదురు చెప్పారని ముస్లింలోనే ఉంది.

ఇక్కడ ఆగి మీరు ఒక ప్రశ్న వేయాలి: ఎవరిని ఎవరితో పోలుస్తున్నాం? ఇబ్నె అబ్బాస్‌ను యజీద్‌తో పోలిస్తే ఎడమ వైపు గెలుస్తుంది. ఇబ్నె అబ్బాస్‌ను మైమూనాతో పోలిస్తే కుడి వైపు గెలుస్తుంది. మైమూనా మాట మాకు చేరింది యజీద్ ద్వారానే కదా అని హనఫీలు, యజీద్ నమ్మదగిన రావీ అని ముస్లిం ఒప్పుకున్నాక ఆయన కేవలం మోసుకొచ్చినవాడే కదా అని మిగతావాళ్లు అంటారు. నా మటుకు రెండో వాదనే సరైంది. ఇందులో సూక్ష్మమైన ఫిఖ్హ్ ఏమీ లేదు. పెళ్లి నాడు ఇహ్రాం ఉందా లేదా అన్న ఒక్క మాట గుర్తుంచుకుని చెప్పడానికి ఫకీహ్ కానక్కర్లేదు. నియమం సరైనదే, దాని కారణం మాత్రం ఈ కేసులో పలుచగా ఉంది.

*జరిగిందన్నవాడా, జరగలేదన్నవాడా?* ఒకడు ఒక విషయం జరిగిందంటే, ఇంకొకడు జరగలేదంటే, జరిగిందన్నవాడికి అదనంగా ఏదో తెలుసు అనేది మామూలు లెక్క. ప్రవక్త (స) కాబాలో నమాజు చేశారని బిలాల్ (ర), చేయలేదని ఉసామా (ర) అంటే పండితులు బిలాల్ మాట తీసుకున్నది ఇందుకే. కానీ మన కేసులో ఏది జరిగింది, ఏది జరగలేదు? హనఫీ ఉసూల్ పండితులు దీన్ని చాలా నిశితంగా విప్పారు. ఇహ్రాంలో ఉన్నారని ఇద్దరూ ఒప్పుకునే విషయం. అందులోంచి బయటికి వచ్చారు అనేది కొత్త సంగతి. అంటే హలాల్ అన్నది జరిగిందనే మాట, ముహ్రిమ్ అన్నది మార్పు జరగలేదనే మాట. లెక్క ప్రకారం కుడి వైపే గెలవాలి. కానీ వాళ్లు ఇంకో మాట చేర్చారు: ఇహ్రాం కంటికి కనిపించే స్థితి, బట్టల్లోనే తెలుస్తుంది. ఆధారం చూసి చెప్పిన ‘జరగలేదు’ ఊరికే ఊహించి చెప్పిన ‘జరగలేదు’ లాంటిది కాదు, అది ‘జరిగింది’తో సమానం. అలా రెండూ సమానమయ్యాక వాళ్లు రావీ పాండిత్యం వైపు వెళ్లారు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఈ విశ్లేషణ నేర్చుకోదగ్గది. నియమం పేరు చూసి ఆగకుండా దాని కారణం దాకా వెళ్లడం అంటే ఇదే. అయితే నికాహ్ ఇహ్రాం కట్టక ముందే జరిగిందనే వాళ్ల ముందు, ఇందులోంచి బయటికి రావడం అనే లెక్కే మొదలవదని గమనించండి.

*ఎంతమంది చెప్పారు?* షాఫియీలు సంఖ్యకు విలువ ఇస్తారు, హనఫీలలో ఎక్కువమంది ఇవ్వరు. సంఖ్య వాడాలనుకుంటే సేకరణ పూర్తయ్యాకే లెక్కపెట్టండి. ముహ్రిమ్ అన్న సహాబీ ఇబ్నె అబ్బాస్ తప్ప వేరొకరు నాకు తెలియదని ఇబ్నె అబ్దుల్ బర్ రాశారు. ఆయిషా, అబూ హురైరాల పేరిట కూడా అలాంటి కథనాలు ఉన్నాయని ఇబ్నె హజర్ తర్వాత చూపించారు.

అయిదో అడుగు: ఆదేశం, బయటి ఆధారం

ఇప్పుడు రెండో జత తీయండి. ప్రవక్త (స) చేసిన పనిలో ప్రత్యేక కారణం ఏదైనా ఉండొచ్చు, ఆదేశం మాత్రం సమాజం అందరికీ. నిషేధించే మాట, అనుమతించే మాట ఎదురుపడితే జాగ్రత్త కోసం నిషేధానికి మొగ్గు. ఈ రెండు నియమాలూ ఉస్మాన్ హదీసుకు బలం ఇస్తాయి. ఉస్మాన్ హదీసులో పెళ్లి అన్న మాటకు సంసారం అని అర్థం అంటారు కొందరు హనఫీలు. అదే వాక్యంలో పెళ్లి చేయించకూడదు, సంబంధం అడగకూడదు అని కూడా ఉంది కాబట్టి ఆ అర్థం నిలవడం కష్టం. దీన్నే అయిష్టం స్థాయి నిషేధంగా చదవడం వాళ్ల బలమైన జవాబు.

ఇక హదీసుల బయటికి వచ్చి తొలితరం ఏం చేసిందో చూడండి. తరీఫ్ అనే వ్యక్తి ఇహ్రాంలో ఉండగా పెళ్లి చేసుకుంటే ఖలీఫా ఉమర్ (ర) ఆ నికాహ్‌ను కొట్టేశారని ఇమాం మాలిక్ ముఅత్తాలో ఉంది. ప్రవక్త (స) వెంట ఉన్న పెద్ద సహాబీ, పాలకుడిగా ఉండి ఇచ్చిన తీర్పు ఇది, నా పేజీలో అతి బరువైన బయటి ఆధారం ఇదే. హనఫీల పక్షాన బయటి ఆధారం ఖియాస్, అంటే పోల్చి తేల్చడం: ఇహ్రాంలో మిగతా ఒప్పందాలు చెల్లుతున్నప్పుడు నికాహ్ ఒప్పందం ఎందుకు చెల్లదు?

ఆరో అడుగు: మీ తర్జీహ్‌ను మీరే పరీక్షించుకోండి

పేజీలో కుడి వైపు ఎక్కువ గీతలు ఉన్నాయని తీర్పు రాసేయకండి. గీతలు లెక్కపెడితే పది బలహీనమైన కారణాలు ఒక బలమైనదాన్ని ఓడించేస్తాయి. ఏ కారణం ఈ కేసుకు బాగా అతుకుతుందో దాని చుట్టూ గీత గీయండి. నేనైతే రెంటి చుట్టూ గీస్తాను: మైమూనా సొంత మాట, ఉమర్ తీర్పు.

తర్వాత అదే నియమాన్ని ఇంకో కేసులో పెట్టి చూడండి. బానిసగా ఉన్న బరీరా (ర)ను విడుదల చేసినప్పుడు ఆమె భర్త బానిసా, స్వతంత్రుడా అన్నది అలాంటిది. స్వతంత్రుడని అస్వద్, బానిస అని ఉర్వా, ఖాసిం, అందరూ ఆయిషా (ర) నుంచే చెప్పారు. ఉర్వా ఆమె అక్క కొడుకు, ఖాసిం తమ్ముడి కొడుకు. పరదా అడ్డం లేకుండా విన్నవాళ్లని వాళ్ల మాటను ముందుకు తెచ్చారు ఎక్కువమంది. దగ్గరివాడికి బాగా తెలుస్తుంది అనే నియమం ఇక్కడా అటే మొగ్గింది, అంటే దాన్ని మైమూనా కేసు కోసం మాత్రమే వాడుకోలేదు. హనఫీలు ఇక్కడ స్వతంత్రుడన్న మాట తీసుకున్నారు. బానిసత్వం ముందే తెలిసిన స్థితి, స్వేచ్ఛ కొత్త సంగతి, బయటికి కనిపించే గుర్తులేవీ లేవు కాబట్టి జరిగిందన్నవాడిదే పైచేయి అన్నారు. వాళ్ల నియమం కూడా రెండు చోట్లా ఒకే తర్కంతో నడిచింది. ఒక చోట వాడి, ఇంకో చోట కారణం చెప్పకుండా వదిలేసే నియమం దొరికితే, తీర్పు ముందే అనుకుని నియమం తర్వాత వెతికారని అర్థం.

రెండు వైపులా బరువు నిజంగా సమానంగా అనిపిస్తే తీర్పు ఆపేయండి. దాన్ని తవఖ్ఖుఫ్ అంటారు, ఉసూల్‌లో అదొక గుర్తింపు ఉన్న ఫలితమే.

చివరగా రాసే పద్ధతి. వెనక్కి వెళ్లిన హదీసు పక్కన దయీఫ్, అంటే బలహీనం, అని రాయకూడదు. ఇబ్నె అబ్బాస్ హదీసు సనద్ ఇప్పటికీ సహీహ్, బుఖారీ, ముస్లిం రెండూ మోసిన హదీసు అది. దాని పక్కన, ఈ ఒక్క విషయంలో మర్జూహ్, అంటే వెనక్కి పెట్టినది, అని రాసి, ఏ కారణం వల్లో ఒక వాక్యం చేర్చండి. కింద హనఫీల జవాబు కూడా ఒక వాక్యంలో పెట్టండి. ఇహ్రాం కట్టుకుని నికాహ్ చేసుకున్న జంట నిజంగా ఎదురైతే ఆ పేజీ తీసి తీర్పు చెప్పవద్దు, వాళ్ల మద్‌హబ్ ముఫ్తీ దగ్గరికి పంపండి. ఆ నికాహ్ నిలుస్తుందా, మళ్లీ చేయాలా అన్నది ఆయన చూసుకుంటారు.